డెలివరీ బండి లీజుకా, సొంతానికా? రెండు కొటేషన్లను ఒకే కొలతకు తెచ్చి చూస్తే

ప్రశ్న: అన్నా, నల్గొండలో బిస్కెట్లు, సబ్బుల ఏజెన్సీ నడుపుతున్నా. ఇన్నాళ్లూ కిరాయి ట్రాలీతో నెట్టుకొచ్చిన, ఇప్పుడు సొంతంగా ఒక చిన్న నాలుగు చక్రాల ట్రాలీ కావాలె. షోరూంలో ఆన్‌రోడ్ 6.60 లక్షలు చెప్పిన్రు. అందులో 5 లక్షలు లోన్, 8 శాతం వడ్డీ, 48 నెలలు, కిస్తీ 13,750. హైదరాబాద్ లీజు కంపెనీ ఒకటి 36 నెలలకు, నెలకు 16,500 ప్లస్ జీఎస్టీ అంటోంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ వాళ్లదే. రోజుకు 110 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరుగుతది. రెండు కొటేషన్ల ఫోటోలు పెట్టిన. కిస్తీనే తక్కువ కదా, కొనుడే నయమా?

జవాబు:

తమ్ముడూ, ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకు. కిస్తీ కట్టడం అయిపోయాక బండి నీ దగ్గర ఉంటుంది, లీజు అయిపోయాక ఉండదు. కిస్తీలో ఇన్సూరెన్స్, సర్వీసింగ్ లేవు, లీజు అద్దెలో ఉన్నాయి. ఒకటి 48 నెలలది, ఇంకొకటి 36 నెలలది. నేను జడ్చర్లలో పద్దెనిమిదేళ్లుగా కూల్‌డ్రింకుల ఏజెన్సీ నడుపుతున్నాను. నాలుగు బండ్లు కొన్నాను, రెండు లీజుకు తీసుకున్నాను. మొదటిసారి నేనూ ఇట్లాగే కిస్తీని, అద్దెను పోల్చి సంతకం పెట్టినవాణ్నే.

నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. రెండింటినీ 36 నెలలకే లెక్కిస్తాను. డీజిల్, డ్రైవర్ జీతం, టైర్లు, టోల్ పక్కన పెట్టేస్తాను, ఎందుకంటే అవి ఎటు పోయినా మనవే. నీ లీజు కొటేషన్‌లో కూడా టైర్లు లేవు, చూసుకో. మిగిలిన ఖర్చంతా కూడిన తర్వాత ఒకే ప్రశ్న అడుగుతాను: మూడేళ్ల తర్వాత ఈ బండి ఎంతకు అమ్ముడుపోతే రెండు లెక్కలూ సమానం అవుతాయి? ఆ అంకె తెలిస్తే, ఆ ధర బజారులో వస్తుందా రాదా అని బ్రోకర్ దగ్గరికి పోయి కనుక్కోవచ్చు.

ముందు లోన్ సంగతి. 8 శాతం అని రాసిన చోట చిన్న అక్షరాల్లో ‘ఫ్లాట్’ అని ఉంది. అంటే మొదటి నెల బాకీ మీద వేసిన వడ్డీనే 48వ నెల దాకా వేస్తారు, నువ్వు అసలు తీర్చుకుంటూ పోతున్నా తగ్గించరు. ఐదు లక్షలకు ఏటా 40 వేలు, నాలుగేళ్లకు 1.60 లక్షలు, మొత్తం 6.60 లక్షలను 48తో భాగిస్తే 13,750. వాళ్ల లెక్కలో తప్పేం లేదు. కానీ మన ఓడీ ఖాతాలో వేసే వడ్డీ తగ్గే బాకీ మీద కాబట్టి దాంతో పోల్చాలంటే దీన్నీ ఆ భాషలోకి మార్చాలి. ఫోన్‌లో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరిచి ఈ రెండు వరుసలు కొట్టు:

```
=RATE(48,-13750,500000)*12
=RATE(48,-13750,492500)*12
```

మొదటిదానికి 14.3 శాతం వస్తుంది. రెండోది, ప్రాసెసింగ్, డాక్యుమెంటేషన్ పేరుతో వాళ్లు తీసుకునే 7,500ని లెక్కలోకి తెచ్చి చూసినది, అది 15.2 శాతం. షోరూంలో టేబుల్ వేసుకుని కూర్చునే ఫైనాన్స్ ఏజెంట్‌కి ఈ 15.2 చూపించి, ‘తగ్గే బాకీ మీద ఎంతకిస్తారు’ అని అడుగు. నీ కరెంట్ ఖాతా ఉన్న బ్యాంకులో కూడా వాణిజ్య వాహన రుణానికి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకో. వడ్డీ ఒకటి రెండు శాతం తగ్గినా లెక్క మొగ్గు మారే పరిస్థితి నీది. ప్రస్తుతానికి నీ దగ్గరున్న కొటేషన్‌తోనే పోదాం.

కొనే వైపు లెక్క. చేతి నుంచి 1,67,500 పెడతావు (డౌన్ పేమెంట్ 1,60,000, ఫీజులు 7,500). 36 కిస్తీలు 4,95,000. అప్పటికి ఇంకా 12 కిస్తీల బాకీ ఉంటుంది. దాన్ని ఒకేసారి కట్టి క్లోజ్ చేస్తే అసలు దాదాపు 1,52,900, ముందుగా మూసినందుకు నాలుగు శాతం లెక్కన ఇంకో 6 వేలు. ఇదంతా 8,21,400. రెండో ఏడు, మూడో ఏడు ఇన్సూరెన్స్ కలిపి 54 వేలు. లక్ష కిలోమీటర్లకు సర్వీసింగ్, క్లచ్, బ్రేకులు, బ్యాటరీ అన్నీ కలిపి నా బండ్ల అనుభవంతో 70 వేలు వేస్తున్నాను. కొత్త గూడ్స్ బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకు ఉంటుంది, కాబట్టి ఈ మూడేళ్లలో ఒకసారి రెన్యూవల్, పొల్యూషన్ కలిపి 5 వేలు.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. 7.5 టన్నుల లోపు గూడ్స్ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ప్రభుత్వం 16,049గా ఖాయం చేసింది. అందులో బేరం ఉండదు. మిగిలిన భాగంలో బోలెడంత ఉంటుంది. షోరూంవాళ్లు వేసిన 32 వేల పాలసీలో ఆ రెండూ విడివిడిగా చూపించమను, బయట ఇంకో రెండు చోట్ల అడుగు.

ఇక జీఎస్టీ. అందరూ సగం మాత్రమే లెక్కపెట్టే చోటు ఇదే. చిన్న గూడ్స్ బండ్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. నీ కొటేషన్‌లో బండి ధర 5 లక్షలు, పన్ను 90 వేలు. కార్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఇవ్వరు గానీ సరుకు రవాణా బండికి ఇస్తారు. నువ్వు రెగ్యులర్ స్కీంలో ఉన్నావు కాబట్టి ఆ 90 వేలు నీకు వస్తాయి. అయితే ఆడిటర్‌కి ఒక మాట చెప్పు: తరుగుదలను 5.90 లక్షల మీద వేస్తే ఆ క్రెడిట్ చెల్లదు, 5 లక్షల మీదే వేయాలి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు ఈ క్రెడిట్ కొన్నా రాదు, లీజు అద్దె మీదా రాదు. వాళ్ల లెక్క పూర్తిగా వేరే, దాన్ని దీంట్లో కలపను.

వస్తాయన్నాను గానీ చేతికి రావు, క్రెడిట్ లెడ్జర్‌లో పడతాయి. డిస్ట్రిబ్యూషన్‌లో మనకు మిగిలే మార్జిన్ ఎంత సన్నదో నీకు తెలుసు. కంపెనీ బిల్లు మీద క్రెడిట్ పోను ప్రతి నెలా నువ్వు నగదుగా కట్టే జీఎస్టీ ఎంతో పోయినేడాది చలాన్లు తీసి చూడు. నెలకు 8 వేలు కడుతున్నావనుకుంటే ఆ 90 వేలు అరిగిపోవడానికి 11 నెలలు పడుతుంది. లీజులో మాత్రం నెలకు 2,970 చొప్పున పన్ను పడి, ఆ నెలలోనే సర్దుకుపోతుంది.

సరే, 8,21,400లోంచి 90 వేలు తీసి, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, ఫిట్‌నెస్ కలిపితే 8,60,400. దీనికి నీ సొంత డబ్బు ఖరీదు కూడా కలపాలి. డౌన్ పేమెంట్‌లో క్రెడిట్ పోను 77,500 మూడేళ్లు బండిలో ఇరుక్కుపోతుంది. ఆ డబ్బు సరుకులో తిరిగితే ఓడీ తక్కువ వాడేవాడివి కదా. ఓడీ వడ్డీ 12 శాతం వేసుకుంటే 27,900. క్రెడిట్ ఆలస్యంగా అరగడం వల్ల ఇంకో ఐదు వేలు పడుతుంది గానీ దాన్ని వదిలేస్తున్నాను. బండి అమ్మకముందు కొనే వైపు మొత్తం 8,88,300.

లీజు వైపు. 36 అద్దెలు జీఎస్టీ లేకుండా 5,94,000. డాక్యుమెంట్ ఫీజు 5 వేలు. డిపాజిట్ 50 వేలు తిరిగి వస్తుంది, కానీ మూడేళ్లు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి అదే 12 శాతంతో 18 వేలు. ఇక్కడిదాకా చూస్తే లీజు చౌకగానే కనిపిస్తుంది.

కానీ నీ కొటేషన్ రెండో పేజీలో నెలకు 2,500 కిలోమీటర్లు, దాటితే కిలోమీటర్‌కి 4 రూపాయలు అని ఉంది. నువ్వు చెప్పిన ప్రకారమే 110 ఇంటూ 26 అంటే 2,860. నెలకు 360 అదనం, 36 నెలలకు 12,960 కిలోమీటర్లు, 51,840 రూపాయలు. అయినా నీ 110ని నేను నమ్మను, ఏమనుకోకు. అది మ్యాప్‌లో చూసిన దూరం. నేను మొదటి లీజు తీసుకున్నప్పుడు దేవరకద్ర, నారాయణపేట లైన్‌కి ఇట్లాగే మ్యాప్ లెక్క ఇచ్చాను. మీటర్ మాత్రం రోజూ దానికన్నా ఇరవై ముప్పై కిలోమీటర్లు ఎక్కువే చూపించేది. సందులో తిప్పుకోవడానికి వెనక్కి రావడం, దుకాణం మూసి ఉంటే సాయంత్రం మళ్లీ పోవడం, పాడైన సరుకు వాపసు తేవడం, డ్రైవర్ భోజనానికి ఇంటికి పోవడం, ఇవన్నీ మీటర్‌కి తెలుసు, మ్యాప్‌కి తెలియవు. ఇప్పుడు నీకు తిరుగుతున్న కిరాయి ట్రాలీ డ్రైవర్‌కి ఒక నోట్‌బుక్ ఇచ్చి, పదిహేను రోజులు పొద్దున బండి తీసేటప్పుడు, రాత్రి పెట్టేటప్పుడు మీటర్ రాయించు. దేవరకొండ లైన్, నకిరేకల్ లైన్, హాలియా లైన్ వేర్వేరుగా రాస్తే ఇంకా మంచిది. రోజుకు పది కిలోమీటర్లు పెరిగితే మూడేళ్లకు 37,440 అదనం.

ఈ కిలోమీటర్ల లెక్క నెలనెలా వేస్తారా, మూడేళ్లకు కలిపి వేస్తారా అన్నది కూడా కొటేషన్‌లో లేదు. తప్పకుండా అడుగు. బతుకమ్మ, దసరా నెలలో, సంక్రాంతి ముందు బండి 3,300 తిరుగుతుంది. ముసురు పట్టిన ఆషాఢంలో 2,200 కూడా తిరగదు. నెలనెలా వేస్తే మంచి నెలలో అదనం కట్టించుకుంటారు, మందకొడి నెలలో మిగిలినవి గాలికి పోతాయి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు కోసే డబ్బులకు 15 వేలు వేస్తున్నాను. ఇది ఊహ కాదు. నా బండి తొట్టికి రెండు పక్కలా తాడు కట్టుకోవడానికి కొక్కేలు లేవని మా డ్రైవర్ డ్రిల్లింగ్ చేయించి ఆరు కొక్కేలు బిగించాడు. మంచి పనే అనుకున్నాను. మూడేళ్ల తర్వాత వాళ్ల మనిషి వచ్చి టార్చి వేసి ఒక్కో కొక్కెం విప్పించాడు. రంధ్రం చుట్టూ తుప్పు, కింద కారిన మరక. సైడ్ ప్యానెల్ మార్చాలని 14 వేలు డిపాజిట్‌లోంచి పట్టుకున్నారు. అగ్రిమెంట్‌లో ‘సాధారణ అరుగుదల’ అని ఉంది, అందులో ఏది వస్తుందో ఏది రాదో మాత్రం రాయలేదు. నీకు కొక్కేలు, టార్పాలిన్ పట్టీ కావాలంటే బండి ఇచ్చేముందు వాళ్లతోనే పెట్టించి కాగితం మీద రాయించుకో.

అన్నీ కలిపితే లీజు మొత్తం 6,83,840.

ఇప్పుడు 8,88,300లోంచి 6,83,840 తీసెయ్. 2,04,460. మూడేళ్ల తర్వాత బండి అమ్మితే అన్నీ పోను నీ చేతికి ఇంతకన్నా ఎక్కువ వస్తే కొనడం లాభం, తక్కువ వస్తే లీజు లాభం.

ఈ ధర వస్తుందో లేదో తెలుసుకోవడానికి పాత బండ్ల యాప్ చూడకు, అందులో ఉండేది అమ్మేవాడి ఆశ. అదే మోడల్, మూడేళ్ల పాతది, లక్ష కిలోమీటర్లు తిరిగినది నీకు తెలిసినవాళ్ల దగ్గర ఒకటి దొరుకుతుంది. దాని ఆర్‌సీ ఫోటో పట్టుకుని నల్గొండలో ఇద్దరు, హైదరాబాద్‌లో ఒకరు బ్రోకర్ల దగ్గరికి కొనేవాడిలా కాకుండా అమ్మేవాడిలా పో. కొంటానంటే 3.10 చెప్పే మనిషి, అమ్ముతానంటే 2.50 అంటాడు. మూడింట్లో తక్కువదే తీసుకో. తొట్టి అడుగున చాప ఎత్తి వేలితో కొట్టి చూస్తారు, తుప్పు ఉంటే అక్కడే కోత మొదలవుతుంది.

2.50 లక్షలే అనుకుందాం. 2.04 కన్నా ఎక్కువ కదా, కొనడమే లాభం అని ఇక్కడ ఆగిపోతారు చాలామంది. నువ్వు ఆగకు. కొన్నప్పుడు క్రెడిట్ తీసుకున్న బండిని అమ్మేటప్పుడు జీఎస్టీ కట్టాలి. తీసుకున్న క్రెడిట్‌ను మూడు నెలలకు 5 శాతం చొప్పున తగ్గిస్తారు. మూడేళ్లకు 60 శాతం తగ్గి 36 వేలు మిగులుతుంది. ఆ 36 వేలా, లేక అమ్మిన ధర మీద పడే పన్నా, ఏది ఎక్కువైతే అది కట్టాలి. కొనేవాడు ఊళ్లో మామూలు మనిషి, నీకు పైన పన్ను ఇవ్వడు. కాబట్టి 2.50 లక్షల లోపలే 18 శాతం ఉందనుకోవాలి. అది 38,136. నీ చేతికి మిగిలేది 2,11,900 లోపే. లాభం మీదే పన్ను, నష్టానికి అమ్మితే ఏమీ లేదు అని ఎవరైనా చెబితే, అది క్రెడిట్ తీసుకోనివాళ్ల పద్ధతి, మనకు వర్తించదు.

అంటే 36 నెలలకు చూస్తే కొనడం వల్ల మిగిలేది ఏడు వేలు. నెలకు రెండొందలు. ఇది లాభమూ కాదు, నష్టమూ కాదు, సమానం అనే లెక్క. బ్రోకర్ ఒక పదివేలు తగ్గిస్తే లీజు గెలుస్తుంది.

అందుకే అసలు తేడా ఇక్కడ లేదు. మూడేళ్ల తర్వాత నువ్వు బండి అమ్ముతావా, ఉంచుకుంటావా అన్నదాంట్లో ఉంది. ఉంచుకుంటే క్లోజింగ్ ఛార్జీ లేదు, నాలుగో ఏడుతో కిస్తీలు అయిపోతాయి. రిపేర్లు పెరుగుతాయి, నాలుగు, ఐదు ఏళ్లకు కలిపి లక్ష వేసుకో. ఇన్సూరెన్స్ 49 వేలు. ఐదేళ్ల తర్వాత బండి 1.50 లక్షలకే పోయిందనుకుని, దాని పన్నూ తీసేసి, ఇరుక్కున్న డబ్బు వడ్డీ కూడా కలిపితే ఆ చివరి రెండేళ్లలో బండి ఖర్చు నెలకు దాదాపు 11 వేలు పడుతుంది. లీజు మళ్లీ తీసుకుంటే 19 వేలు. రెండేళ్లలో 1.90 లక్షల తేడా. మొదటి మూడేళ్లలో రాని లాభమంతా ఈ రెండేళ్లలో వస్తుంది. కాబట్టి నీ ఏజెన్సీ ఐదేళ్లు ఉంటుందన్న ధీమా ఉంటే కొను. కంపెనీ నీ ఏరియాను మిర్యాలగూడ డీలర్‌కి కలిపేస్తుందేమో అన్న టెన్షన్ ఉంటే లీజు గురించి ఆలోచించు, కానీ మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో ముందు చదువు. మిగిలిన అద్దెల్లో సగం అన్న షరతు నేను సంతకం పెట్టిన రెండు అగ్రిమెంట్లలోనూ ఉంది. అట్లా ఉంటే ఏడాదికే వదిలేస్తే నీకు 1.98 లక్షలు, పైన పన్ను. ఆ పరిస్థితిలో సొంత బండి అమ్ముకోవడమే సుఖం.

‘లీజు అద్దె మొత్తం ఖర్చుగా చూపించుకోవచ్చు, ఇన్‌కం టాక్స్ తగ్గుతుంది’ అని వాళ్ల సేల్స్ అబ్బాయి నీకూ చెప్పే ఉంటాడు. సొంత సరుకుకు వాడే బండికి తరుగుదల ఏటా 15 శాతమే కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ మన ఆడిటర్లు అంచనా పద్ధతిలో, అమ్మకాల మీద ఇంత శాతం లాభమని రిటర్న్ వేస్తున్నట్టయితే అద్దె చూపించినా, తరుగుదల చూపించినా పన్ను ఒక్క రూపాయి మారదు. నీది ఏ పద్ధతో అడుగు.

ఇంకొకటి, ‘బండి ఆగిపోతే 24 గంటల్లో ఇంకో బండి’ అన్న వాక్యం కింద ‘హైదరాబాద్ నగర పరిధిలో’ అని ఉంది. నల్గొండ అందులోకి రాదు. అందుకే దానికి నేను విలువ కట్టలేదు. ఉచిత సర్వీసింగ్ కూడా హైదరాబాద్ వర్క్‌షాపులోనే అంటే మాత్రం లెక్క మారుతుంది. ప్రతిసారీ రానుపోను 200 కిలోమీటర్లు, ఒక రోజు లైన్ బంద్, ఆ కిలోమీటర్లు కూడా నీ 2,500లోనే కలుస్తాయి.

ఇప్పుడు లీజు కంపెనీకి ఫోన్ చేయకుండా మెయిల్ పెట్టు. నెలకు 3,000 కిలోమీటర్ల స్లాబ్‌కి అద్దె ఎంత, కిలోమీటర్లు 36 నెలలకు కలిపి లెక్కిస్తారా, నల్గొండలో ఏ వర్క్‌షాపులో సర్వీసింగ్, మధ్యలో వదిలేస్తే ఎంత, తిరిగి ఇచ్చేటప్పుడు దేనికి ఎంత కోస్తారో జాబితా. స్లాబ్ మారిస్తే అద్దె 17,200 దాకా పెంచినా నీకు లాభమే: మూడేళ్లకు 25,200 ఎక్కువ కట్టి 51,840 తప్పించుకుంటావు. ఆ జవాబు, బ్యాంకు వడ్డీ కొటేషన్, బ్రోకర్లు చెప్పిన మూడు ధరలు, పదిహేను రోజుల మీటర్ నోట్‌బుక్ ఫోటో ఇక్కడే పెట్టు. ఆ అంకెలతో లెక్క మళ్లీ వేసి చెబుతాను. అప్పటిదాకా షోరూంలో బుకింగ్ అడ్వాన్స్ కట్టకు.